మెతుకులతో అంటించిన కాగితం

మా మేడమీద వాటా ఈ నెల అద్దెకిచ్చాం. వచ్చేవాళ్ళు బీహారు వైపు వాళ్ళట, మొగుడూ పెళ్ళామూ, నడక నేర్చిన పిల్లాడూ. వాళ్ళు వచ్చే వేళకి నేను పెళ్ళికి బొబ్బిలి వెళ్ళి ఉంటానని, నీళ్ళు ఏ వేళకి వస్తాయో, చెత్త బండి ఎప్పుడొస్తుందో, మెట్ల దగ్గర బల్బు స్విచ్చి ఎక్కడుందో రాసి తలుపుకి అంటిద్దామని పొద్దున్నే కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. "నమస్తే, మా ఇంటికి స్వాగతం" అని రాశాను. అంతే, చెయ్యి ఆగిపోయింది. వంటింట్లో కుక్కరు కూత వేసినా లేవలేదు. గరివిడిలో సత్యం మేష్టారి పెంకుటింటి తలుపూ, దాని మీద ఎండకి గలగలమంటున్న కాగితమూ కళ్ళముందుకొచ్చాయి. ఇన్నేళ్ళయినా ఆ పూట తలుచుకుంటే నాకు గుండె జారిపోతుంది. జారిపోతుందని చెప్పుకోవడానికి సిగ్గుపడే వయసు దాటిపోయాను.

మాది పర్లాకిమిడి. పాతపట్నం దాటి ఒడిశాలోకి కాస్త పోతే మా ఊరే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది ఒడియా. మా అమ్మా అంతే, మా ఆయన జగ్గూ అంతే. మా వైపు ఇది వింతేమీ కాదు. నోరు ఒకటి మాట్లాడుతుంది, చెయ్యి ఇంకొకటి రాస్తుంది. తెలుగు అక్షరం ఎదురైతే మాకు తెలిసిన ముఖంలాగే ఉంటుంది, గుండ్రంగా, మా అక్షరాలకి చుట్టంలా. పలకరిద్దామంటే పేరు తెలియదు. పర్లాకిమిడిలో ఉన్నన్నాళ్ళూ దానితో పని పడలేదు. జగ్గుకి గరివిడి ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద ఫర్నేసు పని దొరికి, నేను చంటిపిల్లతో వచ్చి పడ్డాకే పని పడింది.

మొదట ఫ్యాక్టరీ గోడ వెనక వరస గదుల్లో ఒకటి తీసుకున్నాం. అక్కడ నల్లటి దుమ్ము. ఉతికి ఆరేసిన పిల్ల గుడ్డలు తీసేటప్పటికి బూడిదరంగుకి తిరిగేవి. మా చిట్టికి పళ్ళొచ్చే రోజులు, పగలంతా ఏడుపే. నైటు డ్యూటీ దిగి పడుకునే పక్క గదుల మగాళ్ళు గోడ మీద గుద్దేవాళ్ళు. ఒకరోజు ఇంటాయన కొడుకు వచ్చి, నోరెత్తి ఒక్క మాటనకుండా, నా చేతిలో కాగితం పెట్టి వెళ్ళిపోయాడు. కింద ఎర్ర సిరాతో గీత కొట్టి ఉంది. జగ్గు దాన్ని జేబులో పెట్టుకుని డ్యూటీకి పోయి మేస్త్రీ చేత చదివించుకుని వచ్చాడు. "కాళీ సెయ్యమన్నాడే" అన్నాడు, చెప్పులు విప్పకుండానే. అప్పటినుంచి నాకు కాగితమంటే ఒకటే అర్థం. ఎర్ర సిరా అంటే మరీను.

మేస్త్రీయే సత్యం మేష్టారిల్లు చూపించాడు. ఆయన హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. భార్య పోయింది. రోడ్డు వైపు గదిలో ఆయన ఉంటూ, వెనక వాటా అద్దెకిస్తారు. తెల్ల పంచె, జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. రిటైరయినా ఎర్ర పెన్ను వదల్లేదు. పాలవాడి చీటీలో తప్పున్నా దిద్దేవారని తరవాత తెలిసింది. నన్ను చూసి అడిగిన మొదటి మాట, "ఎంతవరకు సదువుకున్నావమ్మా?" అని.

"టెన్తు పాసండి" అన్నాను. అబద్ధం కాదు.

ఆయన ముఖం విప్పారింది. "అదీ! సదువుకున్న పిల్ల ఇంట్లో ఉంటే ఇల్లు ఇల్లులాగుంటాది. వారం తిరక్కుండా వచ్చీండి" అన్నారు. అడ్వాన్సు ఊసు కూడా తేలేదు. నేను ఏ భాషలో చదివానో ఆయన అడగలేదు. మాట ఇక్కడి మాటే కదా, అడగాలని ఎందుకు తోస్తుంది? నేనూ చెప్పలేదు. చదువుకున్నానని ఇల్లిచ్చిన మనిషికి, మీ అక్షరం నాకు రాదని చెప్తే ఇల్లు ఉంటుందా? ఉండదనే అనుకున్నాను. అప్పటికి నాకున్న తెలివి అంతే.

మేం ఆ ఇంటికి వచ్చింది ఒక వేసవి పొద్దున. జగ్గు నైటు డ్యూటీ దిగి అలాగే సామాను ఆటోలో వేయించాడు. తాళం చెవి పక్కనున్న కొట్లో ఉందన్నారు. ఆ కొట్టు నర్సమ్మగారిది. కోమట్లు; తాతలనాటి నుంచీ అక్కడే చింతపండూ బెల్లమూ తూస్తున్నారు. ఆవిడ బల్లమీంచి కదలకుండానే తాళం చెవి నా వేపు విసిరి, "మేష్టారు శృంగవరపుకోట ఎల్లినారమ్మా, కూతురికి పురుడొచ్చిందని. బేగి ఎల్లిపోవలసొచ్చింది. తలుపుకి కాయితం అంటించినారు, సదువుకో" అంది.

"సరేనండి" అన్నాను. ఆ ఒక్క "సరే" నా కొంప ముంచబోయింది.

కాగితం తలుపు మధ్యలో ఉంది. గమ్ము కాదు, అన్నం మెతుకులతో అంటించారు. మూలల్లో మెతుకులు ఎండి తెల్లగా కనిపిస్తున్నాయి. ముత్యాల్లాంటి అక్షరాలు, వరసగా నంబర్లు వేసి. నంబర్లు నాకొచ్చు కదా, అవి చూసుకున్నాను. అడుగున సెల్ నంబరు. దానిపైన చివరి వరసలు ఎర్ర సిరా. వాటి కింద రెండు గీతలు.

చంకలో పిల్ల, వెనక ఆటోవాడు మంచం దింపుతూ తిట్టుకుంటున్నాడు. జగ్గు ఇంకా ఆటో అవతలి పక్కే ఉన్నాడు. గభాలున కాగితం లాగేశాను. మూల చిరిగి మెతుకులతోపాటు తలుపుకే ఉండిపోయింది. మడిచి జాకెట్లో దోపుకున్నాను. వచ్చీరాగానే ఖాళీ చేయమని రాశాడు, మొహం మీద చెప్పలేక ఊరెళ్ళిపోయాడు అనుకున్నాను. నిద్రలేక ఎర్రబడ్డ జగ్గు కళ్ళు చూసి, పడుకుని లేచాక చెప్దాం అనుకున్నాను.

భయం పట్టిన మనిషికి ప్రతీదీ సాక్ష్యమే. వంటింట్లోకి వెళ్తే గట్టుమీద రెండు బిందెల నీళ్ళు మూతలు పెట్టి ఉన్నాయి. కొత్త మట్టికుండ ఒకటి, దాని పక్కన స్టీలు కేనులో పాలు, పళ్ళెంలో బియ్యం, బెల్లం ముక్క, అగ్గిపెట్టె. చూశావా, సామాను కూడా తియ్యలేదు, మనకిచ్చే ఉద్దేశం ఉంటే తీసేసి ఉండేవాడు కాడా అనుకున్నాను. ఆ పాలు ముట్టుకోలేదు. చిట్టికి మా సీసాలో అడుగునున్నవే తాగించాను.

లోపలి గది తలుపుకి గొళ్ళెం లేదు. గొళ్ళెం ఉండాల్సిన చోట చెక్క పొడిపొడిగా రాలిపోయింది. తలుపు రెక్కల్ని తాడుతో కట్టి ఉంచారు. జగ్గు ఆ ముడి విప్పేశాడు. "పిల్లి రాకండా కట్టినట్టున్నారు" అన్నాడు. లోపల మందపాటి గోడలు, చీకటి, చల్లదనం. కిరసనాయిలు లాంటి వాసన ఒకటి, దాని వెనక ముక్కుని పొడిచేది ఇంకొకటి. కొత్తగా రంగులేశారేమో అనుకున్నాం. నల్ల దుమ్ములో, రేకుల వేడిలో ఉండి వచ్చినవాళ్ళకి చల్లగా ఉంటే చాలు. జగ్గు గోడవార చాప వేసి, చిట్టిని పక్కలో పడుకోబెట్టుకుని, వెలుతురు కళ్ళలో పడుతోందని తలుపు దగ్గరగా వేసేశాడు.

నేను వసారాలో మూటల మధ్య కూర్చున్నాను. ఒక్క మూటా విప్పలేదు. మళ్ళీ కట్టాల్సిన మూట విప్పడం దేనికని. మొదటి ఇల్లు పోయినప్పుడు జగ్గు తమ్ముడన్న మాట గుర్తొచ్చింది: ఈసారి కూడా ఇల్లు నిలవకపోతే వదిన్నీ పిల్లనీ ఊళ్ళో దించేయమన్నాడు. అంటే అత్తారింట్లో నేనూ, ఇక్కడ ఆయనా. అడుగున నంబరు ఉంది కదా, ఫోన్ చేసి అడగొచ్చు. ఆ సంగతి నాకు తోచలేదని కాదు. పోనీ చేస్తే? ఖాళీ చేయమన్న మాట చెవులతో వినాల్సి వస్తుంది. అదీగాక, రాసింది చదువుకోలేదా అంటారు. కాగితం తీస్తాను, చూస్తాను, మళ్ళీ దోపుకుంటాను. చెమటకి మడతలు మెత్తబడిపోయాయి.

చివరికి ఇక ఓర్చుకోలేక నర్సమ్మగారి కొట్టుకే వెళ్ళాను. బేరానికొచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళు పోయేదాకా శనగపప్పు బస్తా దగ్గర నిలబడి, "అమ్మా, ఇది కాస్త సదివి పెడతారా? కళ్ళజోడు తేలేదు" అన్నాను.

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "కళ్ళజోడేటే! ఈ వయసుకే నీకు కళ్ళజోడైతే నాకు దుర్బీను కావాల." నవ్వింది. నాకు ఏడుపొచ్చేసింది.

"నాది ఒడియా సదువమ్మా. తెలుగు సదవలేను. మేష్టారికి సెప్పకండి" అన్నాను.

"ఓసి పిచ్చిమొకమా" అని, చేతులు చీర కొంగుకి తుడుచుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని చదవడం మొదలెట్టింది. నా వేళ్ళు త్రాసు పళ్ళెం అంచుని పట్టుకున్నాయి.

"'చిరంజీవులు జగన్నాథం దంపతులకు స్వాగతం. నేనుండి ఆహ్వానించవలసింది, కూతురి పురుటికి వెళ్ళవలసి వచ్చింది, మన్నించండి.' ఇది ఉత్తరమే మరి! మా ఆయన కూడా నాకిలా రాయలేదు." చదువుతోంది, మధ్యలో వ్యాఖ్యానమూ చేస్తోంది. "'ఒకటి. వంటింట్లో కొత్త కుండ, పాలు ఉంచాను. ముందు పాలు పొంగించుకోండి. బియ్యం, బెల్లం మీ కోసమే.'"

నేను అక్కడే బస్తా మీద కూలబడిపోయాను. మా కోసమే. ఆ పాలు మా కోసం పెట్టారు. ఖాళీ చేయమనలేదు. భయమంతా ఒక్కసారి నీళ్ళై కళ్ళలోంచి కారింది. నర్సమ్మగారు "సూడు, ఏడుస్తాదేటి" అంటూనే, వచ్చిన బేరానికి చింతపండు తూచి, చిల్లర ఇచ్చి, మళ్ళీ కాగితం అందుకుంది.

"'రెండు. కుళాయి పొద్దున ఒక్కసారే వస్తుంది, కుండీ నింపుకోండి. మూడు. మీ మీటరు వేరు, ఎడమవేపుది. నాలుగు. పాపకి టీకాలకి అంగన్‌వాడీ రెండో వీధిలో ఉంది. ఐదు. చేరగానే నాకొక మిస్‌డ్ కాల్ ఇవ్వండి, నిశ్చింతగా ఉంటాను.' ఇదిగో, ఎర్ర సిరా. 'ముఖ్యం. లోపలి గదిలో చెదలమందు కొట్టించాను. తలుపు తియ్యవద్దు. పాపను ఆ గదిలోకి తీసుకువెళ్ళవద్దు. నేను వచ్చి కిటికీలు తీయించేవరకు...'"

మిగతాది నేను వినలేదు. ఆవిడా చదవలేదు. "పిల్లెక్కడే?" అంది. నేను అప్పటికే రోడ్డు మీద ఉన్నాను. చెప్పులు కొట్టు దగ్గరే ఉండిపోయాయి.

ఆ కొట్టుకీ ఆ ఇంటికీ మధ్య దూరం నలుగురు మనుషులు పక్కపక్కన నిలబడేటంత. ఇప్పటికీ కలలో ఆ దూరం నాకు తెగదు. తలుపు తోసేసరికి ఆ వాసన ముఖాన కొట్టింది. చిట్టి ఏడవట్లేదు. పగలంతా ఏడ్చే పిల్ల. మూతి చుట్టూ చొల్లు నురగలా ఉంది, ఒళ్ళంతా చెమట. లాక్కుని బయటికొచ్చేశాను. జగ్గు లేవడు. కాళ్ళు పట్టి ఈడుస్తుంటే "తల తిరగతన్నాదే" అని గోడ పట్టుకున్నాడు, వసారాలోకి వచ్చి కక్కేశాడు.

నర్సమ్మగారు అంత భారీ మనిషి ఎలా పరిగెత్తుకొచ్చిందో. "బట్టలిప్పేయ్! ఇద్దరివీ ఇప్పేయ్! సబ్బెట్టి కడుగు, బేగి! మా పొలంలో మందు కొట్టినోడికి ఇలాగే సేసినారు" అని అరుస్తూ వంటింట్లోని బిందెల నీళ్ళు తెచ్చి పోసింది. నేను పిల్లకి సబ్బు రుద్దుతున్నాను, చేతులు జారిపోతున్నాయి. ఆవిడ కాగితం మళ్ళీ చూసి, "మందు డబ్బా పెరటి గూట్లో ఉన్నాదని రాసినారు. తీసుకెల్దాం, డాట్రు అడుగుతాడు" అని ఆ డబ్బాని సంచిలో పెట్టి పట్టుకుంది. ఆటోలో దారంతా నేను చిట్టిని పిలుస్తూనే ఉన్నాను. ఏ భాషలో పిలిచానో కూడా తెలియదు.

ఆసుపత్రిలో డాక్టరు ముందు డబ్బా మీది పేరు చూశాడు, తరవాత పిల్ల కళ్ళలోకి లైటు వేసి చూశాడు. సూది వేశారు. జగ్గుకి సెలైను పెట్టారు. "ఇంకాసేపు ఉండుంటే కష్టమయ్యేది" అన్నాడు. కష్టం అంటే ఏమిటో నేను అడగలేదు. చాలాసేపటికి చిట్టి ముఖం చిట్లించి, నోరు తెరిచి, ఎప్పటి ఏడుపు మొదలెట్టింది. వరస గదుల్లో అందరూ గోడలు గుద్దిన ఏడుపు. నేను దాన్ని ఆపలేదు. ఏడవనిచ్చాను.

మధ్యాహ్నం ఎండలో సత్యం మేష్టారు వచ్చారు. పంచె నలిగిపోయి ఉంది, కళ్ళు గుంటలు పడ్డాయి. మిస్‌డ్ కాల్ రాలేదని ఆయనకి ఒకటే గాబరా. తానే చేద్దామంటే జగ్గు సెల్లు ఛార్జింగు లేక ఆగిపోయింది. పురిటి గది బయట కూర్చోలేక, పుట్టిన మనవణ్ణి ఒక్కసారి చూసి బస్సెక్కేశారట. కొట్టు దగ్గర సంగతి తెలిసి నేరుగా ఇటొచ్చారు. పిల్ల ఏడుపు విని గుమ్మంలోనే ఆగి, స్తంభానికి చేరబడ్డారు.

"కాయితం సదవలేదా తల్లీ?" అన్నారు, మెల్లిగా.

"సదవలేనండి. టెన్తు పాసే గానీ ఒడియాలో పాసండి."

మళ్ళీ నేనే అన్నాను, "సెప్తే ఇల్లివ్వరనుకున్నాను. ఎర్ర సిరా సూసి కాళీ సెయ్యమన్నారనుకున్నాను. సాయంత్రానికి సామాను తీసేస్తాం." ఏడవకుండానే అన్నాను. ఏడుపు అయిపోయింది.

"ఎక్కడికెల్తారు?" అన్నారాయన. కోపంగానే అన్నారు, ఆ కోపం నా మీద కాదని అప్పుడు తెలియలేదు. "ముందు రాయాల్సింది చివర రాసినాను. అడగాల్సింది అడగలేదు. ఇన్నేళ్ళు పాఠం సెప్పినోడిని." స్తంభం వదిలి లోపలికొచ్చి, "ఆ పాలు విరిగిపోయుంటాయి. ఇంకో పేకెట్టు తెస్తాను, సాయంత్రం పొంగిద్దాం" అన్నారు.

పొంగించాం. వెనక వాటాలో కాదు. ఆయన తన గది మాకిచ్చి, తాను వసారాలో మడత మంచం వేసుకున్నారు. లోపలి గది కిటికీలన్నీ తీయించి, గోడలు కడిగించి, ఆ వాసన పూర్తిగా పోయేదాకా మమ్మల్ని అటు పోనివ్వలేదు. ఆ వారంలోనే నాకు అక్షరాలు మొదలయ్యాయి. ఆ కాగితమే పుస్తకం. "స్వాగతం దగ్గర మొదలెట్టకు, అది కష్టం. పాలు దగ్గర మొదలెట్టు" అన్నారు. ప, ఆ పైన దీర్ఘం. చిట్టిని ఒళ్ళో వేసుకుని నేను వేలుపెట్టి చదివేదాన్ని, ఆయన ఎర్ర పెన్ను జేబులోంచి తీసి పక్కన పడేసి, నీలం పెన్నుతో దిద్దేవారు. ఎర్ర వరసల దగ్గరికి వచ్చేసరికి భయంతో వేలు వెనక్కి తీసుకునేదాన్ని. "సదువు, సదివితేగానీ పోదు" అనేవారు. చదివాను. పోలేదు.

ఇవాళ తెలుగులో నాలుగు మాటలు రాసి పుస్తకంగా వేయగలుగుతున్నానంటే అది ఆ మెతుకుల మరకల కాగితం వల్లే. మేష్టారు లేరిప్పుడు. చిట్టి కాలేజీకి వెళ్తోంది. దానికి ఆ పూట సంగతి ఒక కథ. నాకు కాదు. ఈ రోజుల్లో ఏ ఇంట్లో దిగినా ఫోన్లోనే అన్నీ పంపేస్తున్నారు, ఫొటోలూ, మెసేజీలూ, ఏ భాష కావాలంటే ఆ భాషలో. మంచిదే. కానీ అటువైపు మనిషికి చదవడం వచ్చా రాదా, రాదని చెప్పుకోగలడా లేదా అన్నది ఏ ఫోనూ అడగదు.

నేను రాసిన కాగితం చింపేశాను. పెళ్ళికి వెళ్ళడం మానేశానని జగ్గుకి చెప్తే, "మేడమీద గీజరు గురించి భయమా?" అన్నాడు. అది కాస్త షాకు కొడుతుంది, ఎలక్ట్రీషియన్ ఇంకా రాలేదు. అవునన్నాను. కేనులో పాలు పోసి, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఎండ ముదిరేటప్పటికి ఆటో వచ్చింది. ముందు ఆ బీహారు పిల్ల దిగింది, చంకలో కొడుకు, తలమీద కొంగు. నేను లేచి ఎదురెళ్ళాను. ఆమె నన్ను చూడలేదు. నా భుజం మీదుగా మెట్లపైకి, తలుపు మీదికి బెదురుగా చూసింది, ఏదైనా అంటించి ఉందేమోనని.